చాక్‌పీసు సంగతి రాయలేదు

ఖరగ్‌పూర్ స్టేషన్లో రైలు మారడానికి దిగిన ఏ ప్రయాణికుణ్ణి పట్టుకొచ్చి సెలవు రోజుకని నేను రాసిన కాగితం చేతిలో పెట్టినా, ఒక పీరియడ్ పాఠం అచ్చం నాలాగే చెప్పేస్తాడని స్టాఫ్ రూములో కోతలు కోశాను. అలాంటివి వంద రాశానని కూడా అన్నాను. నిజానికి అదే మొదటిది. అంతకుముందు సెలవు పెడితే, కాస్త పిల్లల్ని చూస్తుండమని పక్క క్లాసు టీచరుకు చెప్పి పోయేవాణ్ణి.

ఆ రోజు కంట్లో శుక్లం చూపించుకోవాలి. నా మూడో పీరియడ్‌కి ఊళ్లోనే ఇందా అనే పేట నుంచి ఒక కొత్త టీచరమ్మ వస్తుందన్నారు. మా బడి గేటైనా చూడని మనిషి. అందుకని ఒక్క పేజీలో అన్నీ రాశాను. ఏడో తరగతి తెలుగు, మేడ మీద చివరి గది. హాజరుకు ఐదు నిమిషాలు. ఫలానా పేజీ, బెంచీల వరసలో ఒక్కొక్కరిచేత ఒక్కో పేరా చదివించాలి. ఆపైన ఐదు ప్రశ్నలు, జవాబులతో సహా. ముందే అయిపోతే ఏం చేయించాలో, అల్లరి మితిమీరితే ఎవరిని పిలవాలో కూడా. జరిగింది వెనకవైపు రాసి పెట్టమన్నాను. హెడ్ మేడమ్ చదివి, అందరికీ చూపిస్తానంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మర్నాడు కాగితం తిప్పాను.

"కిటికీ పక్క పాప చదవలేదు. మొండితనమనుకుని మూడుసార్లు లేపాను. పిల్లలు నవ్వారు. అక్షరాలు రావని తర్వాత అర్థమైంది. ఒక్క ముక్క రాసి ఉంటే అడిగేదాన్ని కాదండి."

ఆ పాప హిందీ బడి నుంచి వచ్చింది. ఇంట్లో మాట తెలుగే, రాత మాత్రం తెలియదు. సాయంత్రాలు నేర్పుతానన్నాను, మూడు రోజులు నేర్పి మానేశాను. చదివే వంతు తన దగ్గరికి వచ్చే వేళకు, "చాక్‌పీసు తేమ్మా" అని కిందికి పంపేవాణ్ణి. తిరిగొచ్చేసరికి వంతు దాటిపోయేది. చదవడం రానివాళ్ల పేర్లు ఇమ్మని హెడ్ మేడమ్ అడిగినప్పుడు, నా క్లాసులో ఎవరూ లేరని సంతకం పెట్టాను. కాగితంలో అన్నీ రాసినవాణ్ణి, ఈ చాక్‌పీసు సంగతి రాయలేదు.

మధ్యాహ్నం పాప మెట్ల మీద ఒంటరిగా కూర్చుని తింటోంది. పక్కన నిలబడ్డాను. కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

"కొత్త టీచరుకి తెలీదమ్మా. పెద్దవాణ్ణయ్యాను కదా, రాయడం మర్చిపోయాను."

టిఫిను డబ్బా మూత పెట్టింది గాని తలెత్తలేదు.

"మర్సిపోనేదు మాస్టారూ. ఆ కాయితం హెడ్ మేడమ్ సూస్తాదని రాయనేదు. నాకూ అదే సెప్పినారు కదా, ఎవరికీ సెప్పకని."