ఎందుకు మానేశావోయ్

బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనే మాట ఆ రోజుల్లో ఎవరూ వాడేవారు కాదు. "పెద్దాయన రమ్మన్నారు" అనేవారు. వెళితే చెప్పులు బయట విడిచి, తెల్లదుప్పటి పరిచిన పరుపు అంచున కూర్చోవాలి. పెద్దాయన ముందు మన చేతులు చూస్తారు. గోళ్లు పెరిగి ఉంటే పట్టుచీర దారం లాగేస్తాయని ఆయన భయం. తరవాత ఒక చీర విప్పి మన ముందు పడేసి మడత పెట్టమంటారు. ఈ రెండింటిలో నన్ను తప్పుపట్టినవాడు లేడు. ఏడో తరగతిలో లెక్కల మేష్టారి వెనక నిలబడి ఆయన నడక నడుస్తూ దొరికిపోయి, ఆ రోజుతో బడికి దండం పెట్టి పామర్రులో బస్సెక్కినవాణ్ణి నేను. ఎక్కాలు రాకపోయినా మడత మాత్రం వచ్చు. నన్ను పడగొట్టిందల్లా మూడో ప్రశ్న.

"పాత కొట్లో ఎందుకు మానేశావోయ్?"

చిన్నాచితకా పనులు కొన్నేళ్లు చేశాక పాత కొట్లో చేరి ఆరేళ్లు పనిచేశాను. అక్కడ యజమానికి ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లు కొనకుండా లేచారంటే, వాళ్లకు చూపించిన ఆఖరి చీరను ఆ గుమాస్తా భుజాన వేసుకుని గుమ్మం పక్కన నిలబడాలి. ఇంకో బేరం వచ్చి అతనికి పిలుపు వచ్చేదాకా అంతే. ఆరేళ్లలో నేను భుజాన వెయ్యని రంగు లేదు. నెమలికంఠం రంగు నాకు బాగా నప్పుతుందని తోటివాళ్లతో అంటుండేవాణ్ణి. అందరం నవ్వుకునేవాళ్లం. నవ్వకపోతే ఆ కొట్లో రోజు గడవదు.

ఒక డిసెంబరులో పామర్రు నుంచి మా చర్చి వాళ్లు పెళ్లిచీర కోసం వచ్చారు. మా పెళ్లికూతుళ్లు కట్టేది తెల్లచీర. తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో ఆ కొట్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందుకే క్రిస్మస్ రోజుల్లో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవారు. పెళ్లికూతురి తల్లి, పాస్టరుగారి భార్య, ఇంకో ఇద్దరు. పాస్టరుగారి భార్య అంటే నాకు చిన్నప్పుడు ఆదివారం బడిలో పాఠం చెప్పినావిడ. ఉన్న తెల్లచీరలన్నీ విప్పాను. తల్లికి ఒకటి నచ్చింది గానీ, అంచు విషయం పిల్ల మేనత్తకు కూడా చూపించాలి, రేపు ఆవిణ్ణి తీసుకొస్తామంది. పెళ్లిచీర కొనేవాళ్లు అలా అనడం మామూలే. నేను నవ్వి సరేనన్నాను.

"మీ ఊరోళ్లకి నువ్వే అమ్మలేకపోతే ఇంకెవరికి అమ్ముతావురా? భుజానేసుకో" అన్నారు యజమాని, వాళ్లింకా పరుపు దిగకముందే.

వేసుకున్నాను. గుమ్మం పక్కన నిలబడ్డాను. వాళ్ల చెప్పులు సరిగ్గా నా కాళ్ల దగ్గరే ఉన్నాయి. పాస్టరుగారి భార్య వంగి చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తలెత్తితే నన్ను చూడాల్సి వస్తుందని ఆవిడ వంగే ఉండిపోయింది. నాకు ఎప్పుడూ ఏదో ఒక జోకు నోటిదాకా వచ్చేది. ఆ రోజు రాలేదు. వాళ్లు మలుపు తిరిగాక చీర తీసి, మంచి మడత పెట్టి, పరుపు మీద ఉంచి, నా చెప్పులు తొడుక్కుని భవానీపురం దాకా నడుచుకుంటూ ఇంటికి పోయాను. ఎవరికీ చెప్పలేదు. మా వృత్తిలో అది చిన్న తప్పు కాదు. ఎంత చెడ్డ చోటైనా చెప్పి బయటికి రావాలి.

మొదట పిలిచిన పెద్దాయన మూడో ప్రశ్న వేయగానే నాకు పూనకం వచ్చింది. పాత యజమాని కళ్లజోడు ఎలా ముక్కు కొసకు జారుతుందో, "భుజానేసుకో" అనే ముందు ఎలా గొంతు సవరించుకుంటారో అన్నీ చేసి చూపించాను. పెద్దాయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. కాఫీ తెప్పించారు. ఇంక ఉద్యోగం నాదే అనుకున్నాను. వెళ్లేటప్పుడు ఆ కొట్టు ముసలి గుమాస్తా గుమ్మం దాకా వచ్చి చల్లగా చెప్పాడు, నాకక్కడ పని దొరకదని. "ఇతన్ని పెట్టుకుంటే రేపు నా వేషం ఏ కొట్లో వేస్తాడో" అన్నారట పెద్దాయన.

రెండోచోట బుద్ధి తెచ్చుకుని నోరు కట్టేసుకున్నాను. ఏమీ లేదండీ, ఊరికే మానేశానండీ అన్నాను. ఆరేళ్ల పని, అదీ డిసెంబరు నెలలో, ఊరికే మానేసినవాడు లోకంలో ఎవడూ ఉండడు. ఆయన నా పంచె కుచ్చిళ్ల వంక, అందులో ఎన్ని జాకెట్టు ముక్కలు పట్టుకుపోయానో లెక్కవేస్తున్నట్టు చూశారు. పాత కొట్లో సరుకేమైనా తగ్గిందా అని మెత్తగా అడిగారు. చెబితే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటా.

అప్పుడు ఇల్లు నడుస్తున్నది మా ఆవిడ కుట్టుమిషను మీద. భవానీపురంలో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆవిడే కుట్టేది. పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. ఆలోపు ఎక్కడో ఒకచోట కుదరకపోతే వర్షాలదాకా నన్నెవరూ పిలవరు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ నా తువ్వాలు తన భుజాన వేసుకుని, పెద్దాయనలా మిషను ముందు స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. నన్ను చాప మీద కూర్చోబెట్టింది.

"చెప్పవోయ్, ఎందుకు మానేశావు?" అంది.

పెళ్లయిన నాలుగేళ్లలో ఆవిడ నన్ను ఓయ్ అనడం అదే మొదలు. నాకు నవ్వాగలేదు. నవ్వు ఆపుకుని, ఆ మనిషికి సాటి మనుషులంటే విలువ లేదండీ అన్నాను. ఆవిడ తప్పు అన్నట్టు మిషను చక్రం గర్రున తిప్పింది. సరే, నాకూ ఆయనకూ పడలేదండీ అన్నాను. మళ్లీ గర్రుమంది. ఆయన ఆరోగ్యం బాగోక కోపం ఎక్కువండీ అన్నాను, జాలి కలిపి. మిషను ఊరుకోలేదు. అలా ఆ మధ్యాహ్నం గుడ్డ లేకుండానే ఒక జాకెట్టుకు సరిపడా కుట్టు వేసింది.

చివరికి తువ్వాలు తీసి పక్కన పెట్టింది. "వాళ్లడిగేది మీ గురించండీ. మీరు చెప్పేదంతా ఆయన గురించే. ఆయనకి ఉద్యోగం కావాలా, మీకు కావాలా?"

ఆవిడ అక్కడితో వదల్లేదు. ముందు పాత కొట్టుకు వెళ్లి చెప్పి రమ్మంది. కొత్తవాళ్లు ఎలాగూ పాత యజమానికి కబురు పెడతారు, నాది నేను సరిచేసుకుంటే ఆయనేం చెప్పుకున్నా ఆయన ఇష్టం అంది. రెండు రోజులు గొణిగి, మూడో రోజు వెళ్లాను. గుమ్మం పక్కన చిలకపచ్చ చీర భుజాన వేసుకుని నా పాత స్నేహితుడు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కన్ను కొట్టాడు. లోపలికి వెళ్లి, ఆ రోజు చెప్పకుండా వెళ్లిపోవడం నా తప్పేనండీ, ఇంక వేరేచోట చూసుకుంటున్నానండీ అన్నాను. యజమాని తలెత్తలేదు. సరేలే అన్నట్టు చెయ్యి ఊపారు. అంతే. మళ్లీ వీధిలోకి వచ్చేసరికి నా భుజం తేలికగా ఉంది.

మూడో పిలుపు పట్టుచీరల కొట్టు నుంచి. పెద్దాయన లావుపాటి మనిషి. చేతులు చూశారు, మడత చూశారు, ప్రశ్న వేశారు. మిషను చప్పుడు చెవిలో పెట్టుకుని చెప్పాను. ఆరేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నానండీ, వచ్చేటప్పుడు చెప్పకుండా వచ్చాను, అది నా తప్పు, ఈ మధ్యనే వెళ్లి చెప్పుకున్నాను, ఇంకో పద్ధతిలో పనిచేద్దామని ఉందండీ అని. ఆయన తల ఊపారు. గండం గడిచిందనుకున్నాను.

"నువ్వు ఆయన్ని భలే దించేస్తావట కదా. బజారంతా అనుకుంటున్నారు. ఏదీ, ఒకసారి చెయ్యి" అన్నారు పెద్దాయన.

కొట్లోని గుమాస్తాలంతా చేతిలో మడతలు ఆపేసి ఇటు తిరిగారు. మొదటి కొట్లో తాగిన కాఫీ గుర్తొచ్చింది. చెయ్యనంటే పొగరనుకుంటారు. చేస్తే ఇక్కడా ఒక ముసలి గుమాస్తా గుమ్మం దాకా వస్తాడు. పైగా, నిజం చెప్పొద్దూ, అంతమంది చూస్తుంటే నా ఒళ్లు ఊరుకునేలా లేదు.

కళ్లజోడు ముక్కు కొసకు జార్చినట్టు చేశాను. గొంతు సవరించాను. అప్పుడే కొందరు నవ్వడం మొదలెట్టారు. "భుజానేసుకో" అనలేదు. ఎదురుగా అప్పుడే విప్పిన మూటలోంచి నూలు నేతచీర ఒకటి అందుకుని, పాత యజమాని సరుకు చూసే పద్ధతిలోనే కళ్లు మూసుకుని, బొటనవేలితో అంచు వెంట నడిచాను. ఆయనలో నాకు నచ్చినది ఆ ఒక్కటే, అది మాత్రం నిజంగా గొప్పది. సరుకు ఎవరు తెచ్చినా చీటీ చదివేవారు కాదు, వేలితో చదివేవారు. చీర కొంగు రెండు చేతులా పట్టి నలిపాను. వేళ్ల కింద తెల్లటి పొడి రాలింది.

"ఇది చీర కాదురా, గంజి. ఒక్క ఉతుకుతో దోమతెర" అన్నాను, అచ్చం ఆయన గొంతుతో.

నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు గానీ నాకు తట్టలేదు, నేను వంక పెట్టింది ఎదురుగా కూర్చున్న మనిషి సరుక్కని. పెద్దాయన చీర లాక్కున్నారు. తనే నలిపారు. తెల్లదుప్పటి మీద పొడి కనిపించలేదు గానీ ఆయన వేళ్లకు అంటింది. ఈ మూట ఎవరు దించారని వెనక్కి తిరిగి అడిగారు. గుమాస్తాలంతా మళ్లీ మడతల్లో తలదూర్చారు. మళ్లీ నా వైపు తిరిగారు.

"ఇంత తెలిసిన మనిషి దగ్గర ఎందుకు మానేశావోయ్?"

ఈసారి ఆయన నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నారు. నేనూ నా గొంతుతోనే చెప్పాను.

"నాకొక్కటే కావాలండీ. బేరం పోతే తిట్టండి, పడతాను. వెనకగదిలోకి పిలిచి తిట్టండి. వచ్చినవాళ్లు చెప్పులేసుకుని వెళ్లాక."

పెద్దాయన వేళ్లకంటిన గంజి తుడుచుకున్నారు.

"అంటే అక్కడ..."

"నేనేమీ అనలేదండీ."

"అనలేదులే" అన్నారు.

మర్నాడు ఆయన పాత కొట్టుకు మనిషిని పంపారు. "పనోడే, నోరెక్కువ" అని జవాబు వచ్చింది. ఆ రెండూ నిజమే కాబట్టి నేనేమీ అనుకోలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు.

చేరిన వారంలోనే ఇబ్రహీంపట్నం వాళ్లు చీరలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచారు. నా భుజం దానంతటదే బిగుసుకుంది. వాళ్లు రిక్షా ఎక్కి, ఆ రిక్షా కనుమరుగయ్యాక, పెద్దాయన వేలితో వెనకగది చూపించారు. మూటల మధ్య నిలబెట్టి, తలుపు వేసి, నా చూపు దగ్గర్నుంచి మా పామర్రు దాకా ఏదీ వదలకుండా తిట్టారు. తిట్టడంలో పాతాయన కంటే ఈయన నాలుగాకులు ఎక్కువే చదివారు. తలుపు తీసుకుని నేను బయటికొచ్చినప్పుడు నా మొహం చూసి, లోపల నాకు జీతం పెంచారని తోటి గుమాస్తాలు అనుకున్నారట.

సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఎలా తిట్టారేమిటి అని అడిగింది. లేచి నిలబడ్డాను. పొట్ట ముందుకు పెట్టి, వేలు చూపించి, పెద్దాయన గొంతు అందుకోబోయాను.

ఆవిడ చెయ్యి మిషను చక్రం మీదికి వెళ్లింది. కూర్చున్నాను.