పటం వెనక మూడో కాగితం

మా ఇంట్లో గోడకు రెండు పటాలు ఉన్నాయి. ఒకటి మా నేతవాళ్ల దేవుడు మార్కండేయ స్వామిది. రెండోది నా మనవరాలు సింధూజ ఉద్యోగం కాగితం. స్వామికి అగరుబత్తి తిప్పినప్పుడల్లా దానికీ ఓ చుట్టు తిప్పేదాన్ని. నవ్వేవాళ్లు నవ్వారు. ఊరు విడిచి నేత పనికి వలస వచ్చిన మా తెలుగువాళ్లుండే పర్వత్ పాటియాలో మా వరసలో ముప్పై గదులుంటే, ఇంటిపేరుతో సహా టైపు కొట్టిన కాగితం వచ్చింది మా ఒక్క గదికే.

నా పెనిమిటి నలభై ఏళ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు. నేను పక్కన కూర్చుని దారం కండెలు చుట్టాను. ఆయన పగలు ఒక కార్ఖానా, రాత్రి ఇంకో కార్ఖానా. ఇద్దరు శేఠ్‌లకూ తెలుసు, ఇద్దరూ అడగలేదు. పని మానాలంటే టిఫిన్ డబ్బా ఇంటికి తెచ్చుకోవడమే. శేఠ్ తీసేయాలన్నా అంతే, మరునాడు గేటు దగ్గర వాచ్‌మన్ తల అడ్డంగా ఊపేవాడు. కాగితం అనేది మేము ఎరగం.

సింధూజ కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీయడం నేర్చుకుని, 2019లో చీరల బజారు రింగ్ రోడ్‌లో ఒక పెద్ద చీరల కంపెనీలో చేరింది. నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. మొదటి పేజీలో దాని పేరుంది. ఆ పేజీ కనిపించేలా, మిగతా మూడూ వెనక పెట్టించి, అద్దం వేయించి, అట్టకు మేకులు కొట్టించింది నేనే. లోపల ఏముందో ఎవరూ చదవలేదు. సంతకం పెట్టిన రోజు సింధూజ ఓసారి పైపైన చూసిందట, అంతే.

కరోనా వచ్చింది. సాంచాలు ఆగాయి. వరసలో సగం గదులకు తాళాలు పడ్డాయి. కంపెనీ సింధూజకు ఇంటి నుంచే పని ఇచ్చింది గానీ జీతం సగానికి కోసింది. రెండో ఏడు మార్కెట్లు తెరిచినా, కోసింది కోసినట్టే ఉండిపోయింది.

అప్పుడు వచ్చాడు సదానందం. మా దిక్కువాడే. కిమ్‌లో చిన్న యూనిట్ పెట్టుకుని చీరలు, కర్టెన్ గుడ్డ నేయిస్తాడు. గడప బయట నిలబడి మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"అత్తా, సింధూజతోని నెలకు పది చీరల డిజైన్లు గీపియ్యి. మంచిగ ఇస్త. పేరు బయటికి రాదు."

"ముందు మాస్కు మీదికి గుంజు. బతికుంటే గదా నువ్వు ఇచ్చేది."

గుంజుకున్నాడు. "ఏమంటవ్ మరి?"

"గీస్తది పో. దాని తాత రెండు కార్ఖానాలల్ల జేసిండు. గిదేం కొత్తనా."

మాట నేనే ఇచ్చేశాను. లోపల కంపెనీ వాళ్లతో ఫోన్‌లో ఉన్న పిల్లను అడగను కూడా లేదు.

అతను పోయాక చెబితే మొహం చిన్నబుచ్చుకుంది. "నాయినమ్మా, గిట్ల చేసినోళ్లను మా ఆఫీసుల తీసేసిండ్రు. నా లెటర్ల ఏమున్నదో చూడాలె."

"చూడు. గోడకే ఉన్నది గదా."

"గోడకున్నది నా పేరే. అసలుది దాని ఎనక ఉన్నది."

స్టూలు ఎక్కి పటం దించింది. మేకులు పీకుతుంటే అద్దం మూల పగిలింది. నా ప్రాణం చివుక్కుమంది. మూడో కాగితం దగ్గర ఆగి, వేలు పెట్టి చదువుతూ నాకు మన మాటల్లో చెప్పింది.

"ఉద్యోగంల ఉన్నన్ని దినాలు, కంపెనీ రాసిచ్చిన పర్మిషన్ లేకుంట ఇంకో పని చెయ్యద్దు. కంపెనీ అమ్మే సరుకే అమ్మేటోళ్లకు అసలే చెయ్యద్దు. చేస్తే నోటీసు లేకుంట తీసేయొచ్చట."

"ఇంట్ల కూసోని గీస్తే వాళ్లకేం దెల్సు?"

"సదానందం మామ చీర అమ్మకానికి వచ్చేది రింగ్ రోడ్‌కే గదా. నా గీత మా మేనేజర్ గుర్తువట్టడా? ఏ కండె ఎవలు చుట్టిండ్రో నీకు తెల్వకపోయేదా?"

తెలిసేది. దారం బిగువు చూసి చెప్పేదాన్ని. అయినా ఊరుకోలేదు. "అయితే ఆడ ఇడిసిపెట్టు. డబ్బా తెచ్చుకో."

"డబ్బా తెచ్చుకుంటే అయిపోదు. నన్ను పర్మినెంట్ జేసిండ్రు. రెండు నెలల ముందు రాసియ్యాలె, లేకుంటే రెండు నెలల జీతం నేనే కట్టాలె. నా తప్పు లేకుంట వాళ్లు తీసేసినా గంతే. రెండు నెలల ముందు చెప్పాలె, లేకుంటే ఆ జీతం వాళ్లియ్యాలె."

"వాళ్లకు గూడ ఉన్నదా?"

"ఉన్నది."

ఆ ఒక్క ముక్క మళ్లీ చదవమన్నాను. వాచ్‌మన్ తల ఊపుడు గుర్తొచ్చింది.

సింధూజ కాగితాలు సర్దుతూ తేల్చేసింది. "చీరలు గియ్య. కర్టెన్లు మా కంపెనీ అమ్మది. వాటికి పర్మిషన్ అడుగుత. ఇయ్యకపోతే అవ్వి గూడ గియ్య."

ఇచ్చిన మాట ఇప్పుడు నేనే మింగాలి. సదానందానికి ఫోన్ చేశాను.

"ఏందత్తా, మాట మీద నిలబడే మనిషివనుకున్న."

"నాది గాని మాట ఇచ్చిన. గందుకే వాపస్ తీస్కుంటున్న. కర్టెన్లైతే గీస్తది, అది గూడ కంపెనీ రాసిస్తేనే."

"అడిగితే రాసిస్తరా? ఉన్న నౌకరి గూడ పోతది, చూస్తుండు."

అడగొద్దని చెబుదామని పిల్ల దగ్గరికి పోయాను. సగం జీతమైనా జీతమే. కానీ పిల్ల అప్పటికే మెయిల్ పంపేసింది. ఎవరికి చేస్తుంది, ఏ గుడ్డకు, ఏ వేళల్లో, ఎవరి కంప్యూటర్ మీద, అన్నీ దాచకుండా రాసింది.

మూడో రోజు మేనేజర్ ఫోన్ చేశాడు. నాకు వినబడాలని స్పీకర్ పెట్టింది.

"అరే బేటా, కర్ లో నా. మెయిల్ క్యోఁ? కౌన్ దేఖ్తా హై?"

చేసుకో, మెయిల్ ఎందుకు, చూసేదెవరు అంటున్నాడు. ఒప్పుకో ఒప్పుకో అని నేను చేతులు ఊపాను. పిల్ల నా వైపు చూడనే లేదు. మీరు రాసిచ్చిన పర్మిషనే కావాలని కాగితంలో ఉంది సార్, రేపు మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఈ మాటకు సాక్షి ఎవరు అని హిందీలో మెత్తగా అడిగింది.

"బడీ వకీల్ బన్ గయీ" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

"పెద్ద వకీలువైనవ్. పాయె, ఉన్నది పాయె" అని నేనూ అందుకున్నాను. పిల్ల కంపెనీ పని ముందేసుకుంది. ఎనిమిది రోజులు అదే తీరు. రోజూ టైముకు కూర్చునేది, టైముకు లేచేది. సదానందం రెండుసార్లు ఫోన్ చేశాడు. ఒక్క గీత గీయలేదు. ఆ మొండితనం నా నుంచి వచ్చిందే.

తొమ్మిదో రోజు మెయిల్ వచ్చింది. కర్టెన్ గుడ్డకు మాత్రమే. ఆఫీసు వేళలు కాకుండా, సొంత కంప్యూటర్ మీద. కంపెనీ డిజైన్లు వాడకూడదు. చీరలు ఎవరికీ గీయకూడదు. కావాలంటే ఈ పర్మిషన్ ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటారు. సింధూజ రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి, తన నౌకరి గురించి ఏమైనా రాశారా అని కిందిదాకా వెతికింది. అన్నాళ్లూ దానికీ భయమే అని అప్పుడు తెలిసింది నాకు.

మరునాడే సదానందం దిగాడు. "ఇగ షురు చేద్దాం అత్తా."

"కాయితం ఏది?" అన్నాను నేను.

"మనల మనకు కాయితమేంది?"

"అది గీసిన కర్టెన్ పువ్వును నువ్వు చీర మీదికి ఎక్కియ్యవని రాసియ్యి. ఎక్కితే పోయేది దాని నౌకరి, నీది గాదు."

"పిల్ల కంటె నువ్వే పెద్ద వకీలువత్తా" అని గొణిగాడు. సింధూజ ఒక పేజీ టైపు చేసింది. వీధి చివర జిరాక్స్ షాపులో తీయించి తెచ్చి, తలుపు చెక్కకు ఆనించి అతని చేత సంతకం పెట్టించింది. కింద సాక్షి అన్న చోట నన్ను పెట్టమంది. నాకు వచ్చిన చదువల్లా నా పేరు రాయడమే. లింగవ్వ అని రాశాను. సున్నా కొంచెం పెద్దదైంది.

పటానికి కొత్త అద్దం వేయించాను. ఈసారి మేకులు వద్దన్నాను, తెరిచేందుకు వీలుగా కొక్కెం పెట్టించాను. వాళ్లకూ మాకూ ఒకే లెక్క రాసిన మూడో కాగితాన్ని ముందుకు తెచ్చాను. పేరు దాని వెనక ఉంది. ఉంటే ఏం, పిల్ల పేరు మాకు తెలిసిందే కదా. అగరుబత్తి చుట్టు మాత్రం మానలేదు.