మెహతాబ్ ఆపా అంటించి పంపిన ఉత్తరం

ఇప్పుడు బేరమంటే ఫోను చెవికి ఆనించి గొంతు చించుకోవడం. అటువాడు పెట్టేసేదాకా మనమే గెలిచామనుకోవడం. మా కొట్టులోనూ అదే తంతు. ఇప్పుడు కొట్టు నడిపే నిజార్ అరుస్తుంటే నేను ఆకురాయి కింద పెట్టి బయటికొచ్చి కూర్చుంటాను. బేరం ఎలా చేయాలో మెహతాబ్ ఆపా దగ్గర చూసినవాణ్ణి. ఈ అరుపులు నాకు ఎక్కవు.

మిరజ్‌లో మా గల్లీ అంతా తంబూరాలు, సితార్లు చేసేవాళ్లే. అమీన్ మిస్త్రీ కొట్టులో నాది తీగల కింది మెట్టును అరగదీసి నాదం తెచ్చే పని. నా పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ తాత్యానే. అమీన్ మిస్త్రీ గుండె ఆగి పోయినప్పుడు ఆయన భార్య, మేమంతా అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే మెహతాబ్ ఆపాకు ముప్పై ఎనిమిదేళ్లు. "ఇక కొట్టు మూసేస్తుంది" అని గల్లీ అంతా తీర్పు చెప్పేసింది. ఆవిడ మూడో నెల కొట్టు తలుపు తీసి, మిస్త్రీ కూర్చునే గద్దె మీద కాకుండా పక్కన చాప మీద కూర్చుంది. గద్దె మీద చివరిదాకా ఎప్పుడూ కూర్చోలేదు. మరాఠీ బడిలో ఏడో తరగతి చదువు, ముత్యాల్లాంటి రాత. ఉత్తరాలన్నీ ఆవిడే రాసేది.

తంబూరాకు ప్రాణం బుర్ర, ఎండిన ఆనపకాయ. బుర్ర బాగోలేకపోతే దేవుడొచ్చి అరగదీసినా నాదం రాదు. మా బుర్రలు పండరిపురం అవతల భీమా ఒడ్డున దగ్డూ నానా పొలంలో కాసేవి. గడ్డి పరిచి, ఒక్కో కాయనూ పసిబిడ్డను తిప్పినట్టు తిప్పి పెంచేవాడు, మచ్చ పడకుండా. అమీన్ మిస్త్రీ ఉన్నప్పటి నుంచీ ఒక ఆచారం ఉండేది. ఏడాదిలో బాగా పలికిన బుర్రలను కోసినప్పుడు వచ్చిన గింజలను గుడ్డసంచిలో కట్టి, వానలకు ముందు నానాకు పంపేవాళ్లు. ఆ సంచి ఖాళీ అయి, పంటతోపాటు మళ్లీ మాకొచ్చేది. ఇరవై ఏళ్లుగా అదే సంచి. దాని మీద ఆపా వేసిన అతుకులే ఎక్కువ.

ఎనభై ఏడో సంవత్సరం మాఘమాసంలో నానా దగ్గర్నుంచి కబురొచ్చింది. పెద్ద బుర్ర, అంటే చుట్టుకొలత నలభై ఎనిమిది అంగుళాలు దాటింది, డెబ్బై రూపాయలు. కిందటేడు నలభై ఐదు. మాకు అప్పటికే కలకత్తా దుకాణం నుంచి నలభై తంబూరాలకు ఆర్డరు ఖాయమైంది, ధర కూడా పాత బుర్రల లెక్కలోనే ఖాయమైంది. డెబ్బై ఇస్తే ఆర్డరు మీద మిగిలేది సున్నా. ఆర్డరు వదిలేస్తే కొట్టులోని ఆరుగురు పనివాళ్లలో ఇద్దరిని ఇంటికి పంపాలి. అందులో ఒకణ్ణి నేనేనని నాకు తెలుసు. ఆరోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను, సిగ్గెందుకు చెప్పడానికి.

ఆపా ఆ వారం సోలాపూర్‌లో అక్క ఇంట్లో ఉంది. అమీన్ మిస్త్రీ అన్న కొడుకు నిజార్, అప్పుడే బీకాం పాసయ్యాడు, నేను చూసుకుంటానని పోస్టుకార్డు ముక్క తీసుకున్నాడు. ఏం రాశాడో మాకు తర్వాత తెలిసింది: "నీ డెబ్బై మాకు కుదరదు. వేరేచోట యాభైకి ఇస్తున్నారు. యాభైకి అయితే పంపు, లేకపోతే వద్దు." వేరేచోటూ లేదు, యాభై ఇచ్చేవాడూ లేడు. పైగా కార్డు! నానాకు చదువు రాదు. ఆ కార్డు ఊళ్లో టీకొట్టు దగ్గరకొచ్చింది, అక్కడున్నవాడు గట్టిగా చదివి వినిపించాడు. మిరజ్ వాళ్లకే నానా బుర్రలు అక్కర్లేదట అని సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడే ఇద్దరు వర్తకులు నలభై ఐదుకు అడగడానికి వచ్చారు. డెబ్బై అడిగాడన్న సంగతి అటు తిరిగి ఇటు తిరిగి మా గల్లీకీ చేరింది.

పది రోజులకు పోస్టులో ఒక చిన్న పొట్లం వచ్చింది. విప్పితే గుడ్డసంచి. ఖాళీది. ఉత్తరం లేదు, బుర్రలూ లేవు.

అప్పటికి ఆపా తిరిగొచ్చింది. సంచిని ఒళ్లో పెట్టుకుని అతుకుల మీద వేలు తిప్పింది.

"ఏం రాశావురా నిజార్?"

వాడు చెప్పాడు. దాచలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

"కార్డు మీద?" అంది.

"కార్డయితే పావలాలోపే కదా చాచీ..."

"నీ పావలా మండిపోనూ! కాలు జారితే లేచి నిలబడొచ్చు. నోరు జారితే? అదీ ఊరందరి ముందా?" ఆవిడ తిట్టడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఎళ్లి కాళ్లమీద పడదామా ఆపా? రేపే బస్సెక్కుతా," అన్నాను.

"వద్దు తాత్యా. మనం వెళ్తే ఆయన మొహమాటానికి ఒప్పుకుంటాడు, లేకపోతే మొహం మీద కాదనాల్సొస్తుంది. రెండూ మంచివి కావు. ఉత్తరమైతే చదివించుకుని, రాత్రి పడుకుని, పొద్దున ఆలోచించుకుంటాడు. అంటించిన ఉత్తరం. ఆయన కోడలు సుమన్ ఒక్కతే చదివి పెడుతుంది."

ఇన్లాండ్ కవరు తెచ్చింది. మొదట పాత కాగితాల మీద మూడుసార్లు రాసింది. మూడుసార్లూ మా ఇద్దరికీ చదివి వినిపించింది. నిజార్ ఊరుకోడుగా.

"యాభైకి ఇచ్చేవాళ్లున్నారని ఉండనీ చాచీ. లేకపోతే దిగడు."

"అడగని చోట అడిగానని నేను రాయను. ఆయన పండరికి నెలకోసారి వెళ్తాడు. ఎవరు ఎంతకిస్తున్నారో నీకంటే ఆయనకే బాగా తెలుసు."

"మరి మన కష్టాలన్నా రాయండి ఆపా," అన్నాను నేను. "విధవరాలు, కొట్టు..."

"జాలి అడిగితే ఒక ఏడు ఇస్తాడు తాత్యా. రెండో ఏడు మన ఉత్తరం చూస్తేనే విసుక్కుంటాడు."

ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. నానాకు నమస్కారాలు, సుమన్‌కు ఆశీస్సులు అయ్యాక ఇలా రాసింది:

"మా ఇంటి నుంచి వచ్చిన కార్డు నాకు తెలియకుండా వచ్చింది. అందులో మాటలు నిజం కావు. నేను ఎవరి దగ్గరా ధర అడగలేదు. నలుగురిలో మీ పేరు పలచన చేసినందుకు నన్ను మన్నించండి. మీరడిగిన డెబ్బై అన్యాయం అనను. గడ్డి ధర, నీటి ఖర్చు నాకు తెలుసు. కానీ నలభై తంబూరాలకు పాత ధరకే మాట ఇచ్చేశాను. డెబ్బై పెడితే పనివాళ్లను పంపేయాలి. అందుకని నేను చేయగలిగింది రాస్తున్నాను. పెద్దవాటికి యాభై ఐదు. మీరు ఏటా చవగ్గా తోసేసే మధ్యరకం కూడా మొత్తం నేనే తీసుకుంటాను, పిల్లల తంబూరాలకు పనికొస్తాయి. లారీ నాదే, దారిలో పగిలినవి నావే. కోతకు ముందే సగం డబ్బు పంపుతాను. రెండేళ్లు ఇదే ఖాయం, ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం. ఇందులో ఏది కుదరదో అది మాత్రం చెప్పండి, దాన్ని మారుద్దాం. ఎవరైనా మీకు డెబ్బై ఇస్తే మేలిమివి వాళ్లకే ఇవ్వండి, నాకు బాధ లేదు. సంచి మాత్రం నా దగ్గర పెట్టుకోను. గింజలు మీవి."

సంచిలో ఆ ఏటి గింజలు పోసి, కట్టి, విడిగా పంపింది.

పదిహేను రోజులు. నేను పోస్టుమాన్‌ను చూసినంత ఆశగా మా ఆవిణ్ణి కూడా పెళ్లిలో చూసి ఉండను. నిజార్ గాడు రోజూ తాటాకులా ఎండిపోతున్నాడు.

జవాబు సుమన్ రాతలో వచ్చింది, అంటించే వచ్చింది. "యాభై ఐదుకు గిట్టదు. అరవై. మధ్యరకం ముప్పై ఐదు. లారీ, పగుళ్లు, సగం ముందు, రెండేళ్లు, అన్నీ సరే. ఒక్క షరతు. అరవై అన్న మాట మీ గల్లీలో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే అందరూ నన్ను అరవైకే అడుగుతారు. గింజలు అందాయి. నానా ఇప్పుడు అన్నం తింటున్నాడు." ఆ చివరి మాట సుమన్ సొంతంగా రాసిందని ఆపా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ రోజే మళ్లీ ఉత్తరం రాసింది, అరవై ఒప్పుకుంటూ, ఒప్పుకున్నవన్నీ వరసగా తిరిగి రాసి, "తప్పుంటే దిద్దండి" అంటూ. మమ్మల్నిద్దర్నీ పిలిచి ఒట్టు వేయించుకుంది.

లారీ వచ్చింది. కలకత్తా ఆర్డరు వెళ్లింది. నేను ఆ కొట్టులోనే ముసలివాణ్ణయ్యాను. అయితే గల్లీకి తెలిసింది డెబ్బై ఒక్కటే కదా! నానా డెబ్బై అడిగాడు, మెహతాబ్ ఆపా బుర్రలు దించుకుంది, అంటే డెబ్బై ఇచ్చింది. ఎవరు బుర్రలు కొనబోయినా ఎదుటివాడు "ఆవిడ డెబ్బై ఇచ్చింది" అనేవాడు. "మగాడు లేని కొట్టు, బేరం ఏం తెలుస్తుంది" అని ఎదురుగానే అన్నారు. యాకూబ్ మిస్త్రీ అయితే ప్రతి పెళ్లిలో, ప్రతి విందులో ఎత్తిపొడిచేవాడు. ఎంతిచ్చారని ఎవరడిగినా ఆపాది ఒకటే జవాబు: "ఆ సంగతి నానానే అడగండి." నాకు నాలుక దురద పుట్టేది. పుండు మీద కారం చల్లుతుంటే ఎలా ఊరుకుంటారు ఆపా అంటే, "నా పుండే కదా తాత్యా, ఆయన పొలం కాదుగా" అనేది.

రెండేళ్ల తర్వాత ధరలు మారాయి, మళ్లీ మళ్లీ మారాయి. ప్రతిసారీ అంటించిన ఉత్తరమే. ఆ పాత అరవై మాత్రం ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లు ఆ మాట పడి, పడుతూనే పోయింది.

ఆవిణ్ణి మట్టి చేసిన వారానికి దగ్డూ నానా వచ్చాడు. నడుం వంగిపోయింది, సుమన్ చెయ్యి పట్టుకుని ఉంది. గల్లీ మిస్త్రీలంతా కొట్టు ముందు కూర్చున్నారు. మంచి మాటలే నడుస్తున్నాయి. యాకూబ్‌కు మాత్రం నోరు ఊరుకోలేదు.

"మనిషి బంగారం. బేరం మాత్రం తెలీదు పాపం. ఆ డెబ్బై ఒప్పుకుని గల్లీ అంతటినీ ముంచింది."

నానా సుమన్ వైపు తిరిగాడు. "ఏమంటున్నాడమ్మా?" చెవి సరిగ్గా వినపడదు. సుమన్ దగ్గరగా వంగి చెప్పింది.

ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. "అరవై," అన్నాడు. "నాకు ఆమె ఇచ్చింది అరవై. డెబ్బై ఇచ్చిందని మీరంతా... ఇన్నేళ్లూ అన్నారా? ఆ తల్లి ఒక్కసారి కూడా చెప్పలేదా?" మా మొహాలన్నీ చూశాడు. "నేను చెప్పొద్దన్నానని," అని కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యాకూబ్ తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నిజార్ లోపలికి వెళ్లిపోయాడు. నాకు పద్దెనిమిదేళ్ల దురద ఆ రోజు తీరింది, తీరాక సంతోషం మాత్రం రాలేదు.

వెళ్లేటప్పుడు సుమన్ గుడ్డసంచి నా చేతికిచ్చింది, అతుకులతో సహా. బస్సుదాకా నడుస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను. "ఈ ఏడు పెద్దవాటి రేటు ఎంత నానా?"

నానా ఆగిపోయాడు. "నోటితో అడక్కు తాత్యా," అన్నాడు. "రాసి పంపు. అంటించి పంపు."

ఇంటికొచ్చి ఇన్లాండ్ కవరు కొని, దీపం ముందు కూర్చున్నాను. "నానాకు నమస్కారాలు" దాకా రాశాను. ఆ తర్వాత ఏం రాయాలో చెప్పే మనిషి లేదు.