గోడలో దెబ్బ

నాచారం పారిశ్రామిక వాడలో ఏళ్ల తరబడి బాయిలర్ దగ్గర పనిచేసిన పాండురంగకు చప్పుళ్లంటే భయం. ఆ సంగతి భార్య సారలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. దీపావళికి తలుపులు బిడాయించుకుని లోపలే కూర్చునేవాడు. అడిగినవాళ్లకు పొగ పడదని చెప్పేవాడు.

ఆ భయం వెనక దయాకర్ ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే అద్దకాల ఫ్యాక్టరీ, ఒకే షిఫ్టు. ఒక పొద్దున, చల్లారి ఉన్న పైపులోకి ఆవిరి వదలడానికి దయాకర్ వాల్వును గబుక్కున పూర్తిగా తిప్పేశాడు. పైపు అడుగున నిలిచిన నీళ్లను ఆవిరి ముందుకు తోసుకుపోయి వంపు దగ్గర కొట్టింది. ధన్, ధన్ మని పైపు ఊగింది. ఇంకో దెబ్బకు జాయింటు ఊడి ఆవిరి అతని మీద పడింది. దయాకర్ దవాఖానా నుంచి తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. పాండురంగ ఉప్పల్‌లో ఒక గోదాముకు కాపలా పనికి కుదిరాడు. దయాకర్ పేరు మళ్లీ ఎత్తలేదు.

పాండురంగ ఉండేది నాచారంలో ఒక పాత మూడంతస్తుల ఇంటి మొదటి అంతస్తులో. ఇంటి యజమాని పట్టాభిరామయ్య అంబర్‌పేట్‌లో ఉంటాడు. కింద మెట్ల పక్కన, కరెంటు మీటర్ల బోర్డు కిందే బల్ల వేసుకుని రాములమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. రెండో అంతస్తులో తుని వైపు నుంచి వచ్చిన త్రిమూర్తులు, భార్య కామాక్షి, ఆమె తండ్రి సుబ్రహ్మణ్యం అద్దెకుంటున్నారు. త్రిమూర్తులు మందుల కంపెనీలో పనిచేస్తాడు. మెట్ల మీద ఎదురైతే "బాగున్నారా" అంటే "బాగున్నం" అనుకునేంత పరిచయం.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో ఆ పలకరింపూ ఆగింది. బస్సుల్లేవు, బడుల్లేవు. రోజుకోసారి వీధిలో ర్యాలీ. ఎవరు ఏ మాట అన్నా దానికి ఇంకో అర్థం పుడుతున్న కాలం. సరిగ్గా అప్పుడే గోడలో దెబ్బలు మొదలయ్యాయి.

ధన్!

పాండురంగ పడక గదికీ, స్నానాల గదులకు నీళ్లు తెచ్చే పైపు దిగే సందుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. దెబ్బ ఆ గోడలోంచే వచ్చేది. ఒకటి గట్టిగా, వెనకే రెండు మూడు చిన్నవి. అన్నం కలుపుతున్నవాడి చేతిలో ముద్ద జారిపోయేది.

"పైనోళ్లు రోలు గిట్ల జరుపుతున్నరేమో," అనేది సారలమ్మ.

"రోలు రోజంత జరుపుతరా? కావాలని కొడుతున్నరు."

"వాళ్లకేం పని మనతోని?"

పాండురంగ ఇంకోసారి చప్పుడు కాగానే రోకలి అందుకుని గోడ మీద తిరిగి బాదాడు. పైన మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం అతనికి ఎంతో హాయిగా అనిపించింది. మర్నాటి నుంచి రోకలి మంచం పక్కనే ఉంది.

అతను ఒక్క విషయం గమనించాడు. కరెంటు పోయినప్పుడు దెబ్బలు వినపడేవి కావు. బొగ్గు రాక కరెంటు కోతలు ఎక్కువైన రోజులవి. ఫ్యాన్లు తిరగకపోతే పైవాళ్లు బాల్కనీలోకి పోతారు, అందుకే కొట్టరని సమాధానపడ్డాడు. కోపం మీదున్న మనిషికి ఏ ఆధారమైనా తనవైపే మాట్లాడుతుంది.

ఒకరోజు మెట్ల మీద త్రిమూర్తులు దారి కాసినట్టు నిలబడ్డాడు.

"ఏమండీ, ఏదన్నా ఉంటే మొహం మీద చెప్పండి. అలా గోడలు బాదడమేంటి? మా మామగారు పెద్దాయన, ఉలిక్కిపడుతున్నారు."

"గోడ బాదేది మీరు. పైనున్నమని నెత్తి మీద తొక్కుతరా?"

"మేమా? అసలు మమ్మల్ని ఖాళీ చేయించాలనే కదా ఇదంతా?"

ఆ మాటకు రాములమ్మ ఇస్త్రీ ఆపి తలెత్తింది. వీధిలో పోతున్న ఇద్దరు ఆగారు. పాండురంగ అలాంటి ఆలోచన తన మనసులో లేదని చెప్పాలనుకున్నాడు. చెబితే తగ్గినట్టవుతుందనిపించింది. అతని భుజాన్ని రాసుకుంటూ పైకి పోయాడు.

తర్వాతి దెబ్బ మరుసటి పొద్దున, అతను గడ్డం గీసుకుంటుంటే పడింది. చెంప తెగింది. రక్తం చూసేసరికి అతనిలో ఏదో తెగిపోయింది. సారలమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుంటే విదిలించుకుని, రోకలి చేతపట్టుకునే మెట్లెక్కాడు.

తలుపు కామాక్షి తీసింది. రోకలి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి!"

త్రిమూర్తులు లోపలి నుంచి వచ్చి భార్యకు అడ్డంగా నిలబడ్డాడు. "దించండి ముందు అది. కొట్టడానికొచ్చారా?"

"కొట్టెటోళ్లెవలో ఇయ్యాల తేల్చుడే. ఇగో, ఈ చెంప సూడు."

"మేం కొట్టామా? కొట్టేది మీరు కాదా? నేను చెవులారా..."

ధన్!

ముగ్గురూ కదల్లేదు. త్రిమూర్తులు రెండు చేతులూ పాండురంగ కళ్లెదుట ఖాళీగా ఉన్నాయి. పాండురంగ రోకలి గాలిలోనే ఉంది. కామాక్షి తలుపు పట్టుకుని నిలబడింది. ఎవరూ కొట్టలేదు. గోడ మాత్రం మోగింది.

స్నానాల గది తలుపు తీసుకుని సుబ్రహ్మణ్యం బయటికొచ్చాడు, ముఖం తుడుచుకుంటూ. "ఏమైందమ్మా?"

పాండురంగ మెల్లగా రోకలి దించాడు. ఎవరినీ అడగకుండా స్నానాల గదిలోకి నడిచాడు. పాత తిప్పుడు నల్లా స్థానంలో తళతళలాడే మీట నల్లా ఉంది. చిటికెన వేలితో తోస్తే టక్కున మూసుకుపోయే రకం.

"ఇదెప్పుడు పెట్టిన్రు?"

"సమ్మె మొదలైన రోజుల్లోనేనండి," అంది కామాక్షి. "నీళ్లు సన్నగా వస్తున్నాయని ఓనరు గారు డాబా మీద ప్రెషరు మోటారు కూడా పెట్టించారు. అప్పట్నుంచే ఈ గోల. కరెంటు లేనప్పుడు మాత్రం రాదు."

పాండురంగ వెంటిలేటరులోంచి చేయి పెట్టి సందులో పైపు పట్టుకున్నాడు. ఇనప పైపు. గోడకు పట్టి ఉంచే క్లాంపులు తుప్పుపట్టి విరిగాయి. తోస్తే పైపు వేళ్ల మధ్య ఆడింది.

"పెద్దాయనా, జర నల్లా ఇప్పి, మెల్లగ మూయి. మస్తు మెల్లగ."

సుబ్రహ్మణ్యం అలాగే చేశాడు. చప్పుడు లేదు.

పాండురంగ చేయి పైపు మీదే ఉంచి నల్లా వైపు చూశాడు. ఉరికే నీళ్లను ఒక్కసారిగా ఆపితే ఆ ఊపు ఎక్కడికి పోతుంది? పైపునే కొడుతుంది. ఆవిరి వాల్వు మెల్లగా తిప్పమని కొత్తవాళ్లకు ఏళ్లపాటు చెప్పిన మనిషి తను. అదే జాతి చప్పుడు రోజూ తన మంచం పక్కన మోగుతుంటే గుర్తుపట్టలేదు. పైవాళ్ల మీద కోపం చెవుల్ని మూసేసింది.

"పైపు కొడుతోందంటారా? వేలితో మూస్తే ఇంత చప్పుడా?" త్రిమూర్తులుకు నమ్మకం కుదరలేదు. నల్లా పూర్తిగా తిప్పాడు. నీళ్లు బుసకొట్టాయి.

"వద్దు! మూయకు, ఆగు..."

టక్కున మూశాడు. ఈసారి ధన్ మన్న వెంటనే కింద ఎక్కడో ఏదో పటుక్కుమంది. ఆపైన సుయ్ మని ఆగకుండా ఒకటే మోత. ఆ మోత పాండురంగకు బాగా తెలుసు. జాయింటు విడిపోతే వచ్చేది. సందులోంచి తొంగి చూశాడు. కింది అంతస్తులో పైపు వంపు దగ్గర నుంచి నీళ్లు చిమ్ముతూ మెట్ల గోడ మీదికి కొడుతున్నాయి. ఆ గోడకే మీటర్ల బోర్డు.

"రాములమ్మా!" గొంతు చించుకున్నాడు. "ఇస్త్రీ ఇడిసిపెట్టు! బయటికి ఉరుకు!"

త్రిమూర్తులు కిందికి పరుగెత్తబోయాడు. "నేను మెయిను తీసేస్తా."

పాండురంగ అతని చేయి గట్టిగా పట్టేశాడు. "బోర్డు ముట్టకు! తడిసింది, సస్తవ్. నువ్వు పైకి పో. ముందుగాల మోటరు బందు చెయ్, తర్వాత ట్యాంకు వాల్వు కట్టు. పో తమ్మీ!"

తమ్మీ అన్న మాట ఇద్దరూ గమనించలేదు. త్రిమూర్తులు పైకి, పాండురంగ కిందికి. రాములమ్మ బయటికి పోనే లేదు. జనం బట్టలు తడుస్తున్నాయని మూటకట్టుకుంటోంది. చెప్పుల కింద నీళ్లు చేరుతున్నాయి. ఇస్త్రీ పెట్టె వైరు ఆ బోర్డులోకే పోతుంది.

"బట్టలు వదులు!"

"గంజి పెట్టిన చీరలన్నా, పాడైతయి..."

పాండురంగ పొడి మెట్టు మీదే ఆగి, చేయి చాచి ఆమె జబ్బ పట్టి లాగాడు. ఇద్దరూ మెట్ల మీద పడ్డారు. బోర్డులో చిటచిటమని నీలం మంట లేచింది. ఠప్‌మని ఇల్లంతా కరెంటు పోయింది. కాలిన రబ్బరు వాసన. పాండురంగ కళ్లు గట్టిగా మూసుకున్నాడు, తర్వాతి దెబ్బ కోసం.

అది రాలేదు. చిమ్మే నీళ్లు సన్నబడి, ధారై, చుక్కలై ఆగిపోయాయి. పైనుంచి త్రిమూర్తులు అరుపు వినిపించింది. "కట్టేశానండీ! ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఏం కాలె," అన్నాడు పాండురంగ.

సమ్మెలో ఉన్నా లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గరే కనెక్షను తీసేశాడు. ఉప్పల్ నుంచి ప్లంబర్ పోశయ్య సైకిలు మీద వచ్చి పైపంతా తడిమి చూశాడు. అంబర్‌పేట్ నుంచి వచ్చిన పట్టాభిరామయ్య "కొత్త మోటారేనయ్యా, ఎందుకిలా అయింది?" అని తల పట్టుకున్నాడు.

"మోటరు కొత్తదే సారూ, పైపు పాతది," అన్నాడు పోశయ్య. "ప్రెషర్ మస్తు పెట్టిన్రు. నీళ్లు జోరుగ ఉరుకుతయి, నల్లా ఒక్కసారి మూస్తే ఆ జోరంత పైపుల ముందుకు, ఎనక్కు కొట్టుకుంటది. క్లాంపులు లేవు కాబట్టి పైపు గోడకు తగులుతది. తగిలి తగిలి వంపుకాడ జాయింటు మర చుట్లు ఇడిసినయి."

మోటారు ప్రెషరు తగ్గించాడు. తుప్పుపట్టిన ముక్క తీసి కొత్తది వేశాడు. పైపుకు రబ్బరు వేసి కొత్త క్లాంపులు బిగించాడు. నల్లాల కింది చిన్న వాల్వులను కాస్త మూసి ధార తగ్గించాడు. పై నల్లా దగ్గర, తల మూసిన పొట్టి పైపు ముక్క ఒకటి నిలువుగా పెట్టాడు. అందులో గాలి ఉంటుందని, దెబ్బను ఆ గాలి మింగుతుందని చెప్పాడు. పోనుపోను గాలి నీళ్లలో కలిసిపోయి అదీ నిండుతుంది కాబట్టి అప్పుడప్పుడు మెయిన్ వాల్వు కట్టి, పై నల్లా, కింద నల్లా తెరిచి లైను ఖాళీ చేయమన్నాడు. "ఎన్ని పెట్టినా నల్లా మెల్లగ మూసుడే అసలు మందు," అన్నాడు.

ఆ సాయంత్రం త్రిమూర్తులు కిందికొచ్చాడు. చేతిలో రోకలి. పొద్దున పాండురంగ పైనే మరిచిపోయాడు.

"మీది, ఇక్కడ పెట్టమంటారా?"

పాండురంగ సిగ్గుతో తలెత్తలేకపోయాడు. సారలమ్మ రోకలి అందుకుని లోపలికి పోయింది. త్రిమూర్తులు వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీరు చెయ్యి పట్టుకోకపోతే ఆ బోర్డు మీద చెయ్యేసేవాణ్ని. అంత చప్పున ఎలా తెలిసిందండీ మీకు?"

పాండురంగ పక్కకు జరిగి చోటిచ్చాడు. "కూసో. దయాకర్ అని నాకొక దోస్తు ఉండె," అని మొదలుపెట్టాడు. లోపల సారలమ్మ చేతిలో పని ఆగిపోయింది. ఆ పేరు ఆయన నోట విని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

ఖాళీ చేయించడమన్న మాట వాళ్ల మధ్య మళ్లీ రాలేదు. దాని గురించి క్షమాపణలూ చెప్పుకోలేదు. ర్యాలీలు సాగాయి. పాండురంగ జెండా పట్టుకుని పోయేవాడు, త్రిమూర్తులు డ్యూటీకి పోయేవాడు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది త్రిమూర్తులు మేడిపల్లిలో చిన్న ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలకు ఇంకా సిమెంటు పూత వేయలేదు. ఒక ఆదివారం ఫోను చేశాడు: "అన్నా, పూత వేసేశాక పైపులు కనపడవు. ఒకసారి వచ్చి చూసి వెళ్తారా?"

పాండురంగ బస్సెక్కి పోయాడు. గది గదికీ తిరిగి ప్రతి క్లాంపునూ గుంజి చూశాడు. వంటింట్లో ఒకటి కొంచెం కదిలింది. మేస్త్రీని పిలిచి, అది బిగించేదాకా అక్కడే నిలబడ్డాడు.