ఐదో రోజు తర్వాత

మా అత్తగారింట్లో నెలసరికి ఐదు రోజులు లెక్క. ఐదో రోజు తలంటుకుంటే వంటింట్లోకి, దేవుడి గూటి దగ్గరికి వెళ్లవచ్చు. సిజేరియన్‌కి ముందు నాకూ ఆ లెక్క సరిపోయేది. బిడ్డ పుట్టి మళ్లీ నెలసరి మొదలయ్యాక, ఎర్రది ఐదో రోజుకే ఆగినా ఇంకో ఏడు రోజులు డికాక్షన్ రంగు మరకలు పడుతూనే ఉండేవి. అది చెబితే నెలలో పన్నెండు రోజులు బయటే ఉండాలి. అందుకని నోరు మూసుకుని దీపం పెట్టేదాన్ని. ఉయ్యూరులో నాలా కోతలు కోసేవాళ్లు లేరని పేరు నాకు, ఈపాటి దాచలేనా?

ఒకరోజు అత్తగారు బట్టల్లో మరక చూసి అడిగింది. బెల్లం పాకం ఒలికిందన్నాను. మా ఇంట్లో బెల్లం నిండుకుని వారమైంది. సాయంత్రానికి నన్ను ఆర్‌ఎంపీ దగ్గర కూర్చోబెట్టింది. ఆయన నాడి పట్టి, గర్భసంచి పుండయిందని, తీయించేస్తే పీడ పోతుందని తేల్చాడు. మా వీధిలో అప్పటికే నలుగురు తీయించుకున్నారు, అత్తగారితో కలిపి. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంకో బిడ్డ కావాలి.

ముందు బెజవాడలో చూపిద్దామని మా ఆయన్ని బతిమాలుకున్నాను. సరేనని అత్తగారిని నా వెంట పంపాడు.

నెలసరి ఎన్ని రోజులని లేడీ డాక్టర్ అడిగింది. అలవాటుగా ఐదన్నాను. అత్తగారు తలూపింది. మరైతే ఏం ఇబ్బందని వచ్చావందావిడ. నేను ఇదే చెబితే ఆర్‌ఎంపీ మాటే మిగులుతుందని అప్పుడు తట్టింది.

"ఐదు రోజులు ఎర్రగానండీ. తర్వాత ఏడు రోజులు గోధుమరంగులో. సిజేరియన్ అయిన దగ్గర్నుంచీ ప్రతి నెలా."

అత్తగారు మెల్లగా నా వైపు తిరిగింది. "మరి మొన్నటి శ్రావణ శుక్రవారం?"

"అప్పుడూనండీ."

డాక్టర్ గర్భాశయ ముఖద్వారం చూసి అక్కడేమీ లేదంది. లోపలి నుంచి స్కాన్ చేసి, చీటీ వెనక బొమ్మ గీసింది. గర్భసంచి ముందు గోడ మీద, కుట్లు వేసిన చోట, చిన్న గుంట.

"కోత మానేటప్పుడు కొందరికి అక్కడ ఇలా లోతు పడుతుందమ్మా. నెలసరి రక్తం కాస్త దాన్లో నిలిచిపోయి, తర్వాత కొంచెం కొంచెంగా దిగుతుంది. పాతబడింది కాబట్టి ఆ రంగు. పుండూ కాదు, క్యాన్సరూ కాదు."

గర్భసంచి తీయాలా అని అడిగాను. దీనికి అవసరం లేదంది. మరీ విసుగనిపిస్తే మాత్రలున్నాయి, కాదంటే ఆ గుంటను సరిచేసే ఆపరేషనూ ఉంది. మళ్లీ బిడ్డను అనుకుంటే మాత్రం ముందే రావాలి, అక్కడ గోడ ఎంత మందం ఉందో కొలిచి చూస్తుంది.

తిరుగు బస్సులో కంకిపాడు దాటేదాకా అత్తగారు వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టింది. ఇన్ని నెలల దీపాల లెక్క తేలుస్తోందనుకుని కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

"ఆ ఐదు రోజుల్లో పోవాల్సిన రక్తమే కదా, లోపల ఇరుక్కున్నదీ?" అంది చివరికి.

"అవునండీ."

"అయితే ఐదో రోజే తలంటుకో. ఆర్‌ఎంపీతో నేను మాట్లాడతాలే."