పది కర్రల మీద కప్పిన పూలదండ

మొన్న మా కోడలు ఫోనులో ఎవరో టారో కార్డులు పరుస్తుంటే చూస్తూ, ఇవి మీకు తెలుసా అత్తమ్మా అని అడిగింది. తెలియవని అబద్ధమాడి వంటింట్లోకి పోయాను. నిజంగానే తెలియకపోయి ఉంటే ఎంత బాగుండేదో, నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

కలర్ టీవీలు ఊరూరా దిగుతున్న ఆ కాలంలో నేను వేలూరులో టైపిస్టుగా చేస్తూ సత్తువాచారిలో ఆడవాళ్ళ హాస్టల్లో ఉండేదాన్ని. నా గదిలో ఉండిన బొంబాయి అమ్మాయి వెళ్ళిపోతూ ఒక టారో కట్ట, దాని పుస్తకం నాకిచ్చింది. పుస్తకం బట్టీపట్టి హాస్టలంతటికీ జోస్యం చెప్పేదాన్ని, ఆ పెద్దరికం నాకు బాగానే తలకెక్కింది.

గుడియాత్తం బజారులో పాత్రల అంగడి ఉన్న మా బాబాయి కూతురు ఒక ఆదివారం బస్సెక్కి వచ్చింది. బైకు మీద తిరుగుతూ టీవీలు అమ్మే అతనితో పరిచయమై మూడు వారాలే అయింది, వచ్చే శుక్రవారం ఇంట్లో చెప్పకుండా గుడిలో తాళి కడతానంటున్నాడు, పోవాలో వద్దో కార్డులు చూసి చెప్పమంది.

ఒక్కో చోటికి ఒక్కో అర్థంగా అయిదు పరిచాను, అయిదూ వాండ్సే, అంటే చిగురు వేసిన కర్రలు, నిప్పుకు గుర్తు. ఆమెకు ఏస్, అంటే ఒంటి కర్ర, కొత్తగా రగిలిన కోరిక. అతనికి గుర్రాన్ని ఎగదోలే రౌతు, నైట్ అంటారు, వచ్చినంత వేగంగానే పోయేవాడు. ఇద్దరినీ లాగుతున్నది గాలిలో దూసుకుపోయే ఎనిమిది కర్రలు, అంతా తొందర. అడ్డంకిని చూపే చోట కర్రలతో కొట్టుకునే అయిదుగురు. చివర, ఫలితం చోట, పది కర్రల మోపు కింద నడుం వంగిన మనిషి. మనసుకు గుర్తయిన కప్స్ ఒక్కటి లేదు, కాపురం నిలబెట్టే నాణేలు, పెంటకిల్స్, ఒక్కటి లేదు. ఇది గడ్డిమంట, ఆరిపోయాక మోత నీకే మిగులుతుందని చెప్పాలి. సగం చెప్పాను కూడా.

ఆమె ముఖం వాడిపోయింది. "చిలక జోస్యం చెప్పేటాయన చీటీ బాగలేకుంటే ఇంకోటి తీపిస్తాడు కదక్కా, నువ్వూ తియ్యి" అంది.

పైన తీసే కార్డు కింది దానికి వివరమే కాని దాన్ని రద్దు చెయ్యదని పుస్తకంలో స్పష్టంగా ఉంది. అయినా తీశాను. నాలుగు కర్రలకు కట్టిన పూలదండ వచ్చింది. అదీ నిప్పే, ఒక్కనాటి పండగ. దాన్ని పది కర్రల మీద కప్పి, పెళ్ళి యోగం ఉందని చెప్పాను. ఆమె నవ్వితే చూడాలనిపించింది, నా మాట మీద ఒక పెళ్ళి జరుగుతుందన్న గర్వం కూడా ఉండింది. అది ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

శుక్రవారం ఆమె అతనితో వెళ్ళిపోయింది. ఏడాది తిరక్కముందే అతను హోసూరులో కొత్త వ్యాపారమని పోయి మళ్ళీ రాలేదు. కడుపుతో తిరిగొచ్చిన కూతుర్ని బాబాయి ఇంట్లోకి రానిచ్చాడు కాని, చనిపోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. జాకెట్లు కుట్టి బిడ్డను ఒంటరిగా పెంచుకుంది.

ఆ కట్టను నేను ఎప్పుడో పారేశాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు, అని ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. ఊళ్ళు మారాయి, అంగళ్ళు మారాయి, ప్రేమించి పెళ్ళి చేసుకున్నామని పిల్లలిప్పుడు ధైర్యంగా చెప్పుకుంటున్నారు. పెళ్ళిళ్ళలో ఎదురైతే, చిన్నప్పుడు నా పక్కలో పడుకుని జుట్టు లాగిన ఆ చెల్లెలు చేతులు కట్టుకుని నన్నడుగుతుంది, "బాగుండారా మీరు" అని.