కృష్ణా జిల్లా అని రాసిన కార్డు

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి అమ్మవైపు చుట్టాలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. నాన్నకు ఊహ తెలియకముందే తాతయ్య, నాయనమ్మ పోయారు. మేనమామ గూడెం తెచ్చి పెంచాడు. ఆయనా పోయాక తాతయ్యది కొల్లేటి లంక అన్న ఒక్క మాట, ట్రంకుపెట్టె అడుగున తాతయ్యకు ఎవరో రాసిన ఒక పోస్టుకార్డు మిగిలాయి. అది నా చేతికి చిక్కింది.

సిరా వెలిసిపోయింది. ఇంటిపేరుతో సహా తాతయ్య పేరు తెలుస్తోంది. ఊరి పేరులో చివరి 'లంక', అన్నిటికంటే కింద 'కృష్ణా జిల్లా' మిగిలాయి. నా పోరు పడలేక నాన్న, నా చిన్నతనంలో కృష్ణా జిల్లాలోనే ఉన్న కైకలూరు వైపు తీసుకెళ్లాడు. మూడు రోజులు అక్కడి లంకలన్నీ తిరిగాం, తాతయ్యను ఎరిగినవాళ్లు దొరకలేదు. తిరిగొచ్చాక నాన్న, "మనకెవరూ లేర్రా, ఇంక ఆ కార్డు తియ్యకు" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

పక్కింటి పోస్టుమ్యాన్ మావయ్యకు చూపించాను. ఆయన చిరునామా చదవనే లేదు, కార్డును వెలుతురుకు పెట్టి ముద్రలు చూశాడు. ఉత్తరం బయల్దేరిన చోట ఒక ముద్ర, బట్వాడా చేసిన చోట ఒక ముద్ర కొడతారట. రెండోది సగమే పడింది. భూతద్దం పెడితే పాత ఇంగ్లీషు స్పెల్లింగులో 'ఎల్లోర్' అని కనిపించింది.

"ఏలూర్రా అబ్బాయ్! అప్పుడు ఏలూరు కృష్ణా జిల్లాలోదే. మన పశ్చిమ గోదావరి ఇంకా పుట్టలేదు" అని నవ్వాడు. మేము ఇప్పటి జిల్లాలో అప్పటి ఊరు వెతికామన్నమాట.

సెలవు పెట్టి మరీ మాతో ఏలూరు వచ్చాడు మావయ్య. లంకలకు టపా మోసిన ముసలాయనను పట్టుకుని, ఊరి సంగతి ఎత్తకుండా, "ఈ ఇంటిపేరు వాళ్లు ఎక్కడున్నారండీ?" అని అడిగాడు. ఒక్క లంకలోనే ఉన్నారని ఆయన తడుముకోకుండా చెప్పాడు.

పడవ దిగేసరికి ఒక ముసలమ్మ వల ఆరేస్తోంది. "ఎవరి తాలూకండీ?" అంది. నాన్న కంటే ముందు తాతయ్య పేరు నేనే చెప్పాను. ఆవిడ వల వదిలేసి నాన్న గడ్డం పట్టుకుంది. "మా అన్న కొడుకువా నాయనా! గూడెంలో ఏ వీధో తెలీక ఇన్నాళ్లూ ఊరుకుండిపోయాను" అంటూ ఏడ్చేసింది.

ఇల్లు చూపించింది. "వరదొచ్చినప్పుడల్లా గోడలు పోయేవి, కప్పు పోయేది. నిట్రాడు మాత్రం మీ నాన్న పాతిందే" అంది. ఇంటి నడిమి ఆ తాటి స్తంభాన్ని నాన్న రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

ఎవరైనా "మాకెవరూ లేరండీ" అంటే నేను ఇప్పటికీ సరేనని ఊరుకోలేను. మీ ఇంటిపేరేమిటండీ అని అడుగుతాను.